షాపు అద్దె బేరం: లా కాలేజీ మాక్ నెగోషియేషన్‌కు సిద్ధమయ్యే పద్ధతి

లా చదివేవాళ్లకు కోర్టు బయట వివాదాలు తేల్చుకునే పద్ధతుల మీద ఏడీఆర్ ప్రాక్టికల్ పేపరు తప్పదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో అది తప్పనిసరి పేపరు. అందులో భాగంగా చాలా కాలేజీల్లో ఇద్దరు విద్యార్థులను ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక బేరం చేయిస్తారు. కేసు తరచూ షాపు అద్దెదే ఉంటుంది. అద్దె, అడ్వాన్సు, గడువు, పెంపు, మరమ్మతులు అన్నీ ఒకే బల్ల మీదకు వస్తాయి కాబట్టి పరీక్షించడానికి అది అనువైన కేసు.

మార్కులు మూడు చోట్ల పడతాయి: ముందుగా ఇచ్చే తయారీ కాగితం, గదిలో నడిపిన వ్యూహం, చివరికి చేతికొచ్చిన ఒప్పందం. ఏ భాగానికి ఎన్ని మార్కులన్నది కాలేజీని బట్టి మారుతుంది. విద్యార్థులు మాత్రం ఎక్కడైనా ఒకే పని చేస్తారు. ముప్పావు గంటలో అరగంట అద్దె అంకె మీదే కొట్టుకుని, మిగతావన్నీ చివరి ఐదు నిమిషాల్లో ‘సరే, సరే’ అనేసుకుంటారు. అసలు డబ్బు ఉండేది ఆ మిగతావాటిలోనే. అదెలాగో ఒక కేసు మీద చూద్దాం. కేసు, అంకెలు అభ్యాసం కోసం కల్పించినవి. చట్టం మాత్రం నిజమైనదే.

కేసు ఇదీ

హైదరాబాద్ కూకట్‌పల్లిలో మెయిన్ రోడ్డు మీద 1,000 చదరపు అడుగుల మల్గి. ఓనర్ పైఅంతస్తులోనే ఉంటాడు. మల్గి ఖాళీగా ఉంది. ఒక టిఫిన్ సెంటర్ యజమాని అక్కడ రెండో బ్రాంచి పెట్టాలనుకుంటున్నాడు. ఇంతవరకూ ఇద్దరికీ తెలుసు. దీని తర్వాత ఎవరి రహస్య సూచనల కాగితం వాళ్లకే అందుతుంది.

ఓనర్ తరఫు కాగితంలో ఇలా ఉంది. లక్ష అద్దె, 10 లక్షల అడ్వాన్సు కావాలి. ఇంట్లో పెళ్లి ఉంది, దానికి 6 లక్షలు అవసరం. అవి అందకపోతే 12 శాతం వడ్డీకి బ్యాంకు నుంచి తేవాలి. ఒక మొబైల్ షాపువాడు 80,000 అద్దె, 6 లక్షల అడ్వాన్సుతో మూడేళ్లకు అడుగుతున్నాడు, కాకపోతే రెండు నెలల తర్వాత వస్తాడు. మూడేళ్ల గడువైతే మంచిది, ఎందుకంటే అమెరికాలో ఉన్న కొడుకు తిరిగొచ్చి అక్కడే క్లినిక్ పెట్టవచ్చు. వస్తాడో రాడో ఖాయం కాదు.

టిఫిన్ సెంటర్ తరఫు కాగితం ఇది. వంటగట్టు, టైల్స్, పొగగొట్టం, త్రీఫేజ్ కరెంటు అన్నీ కలిపి 12 లక్షలు పెట్టాలి. వెళ్లిపోయేటప్పుడు అందులో వెనక్కి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. పనికి రెండు నెలలు పడుతుంది. చేతిలో డబ్బు తక్కువ, బయట తెస్తే వడ్డీ 18 శాతం. లోపలి సందులో 65,000కు ఇంకో మల్గి ఐదేళ్లకు సిద్ధంగా ఉంది, అక్కడా 6 లక్షల అడ్వాన్సే. అయితే సందులో గిరాకీ తగ్గి నెలకు 25,000 లాభం పోతుందని క్లయింట్ అంచనా.

ముందు మీ ఆఖరి గీత లెక్కకట్టండి

ఈ బేరం కుదరకపోతే మీ క్లయింట్‌కు ఉన్న అత్యుత్తమ దారినే నెగోషియేషన్ పాఠాల్లో ‘బాట్నా’ అంటారు. తయారీ కాగితంలో అందరూ దాన్ని రాస్తారు. దాన్ని అంకెగా మార్చేవాళ్లు మాత్రం తక్కువ. ఆ అంకే ఆఖరి గీత, అది దాటితే బేరం వదిలేయడమే నయం.

ఓనర్ తరఫు విద్యార్థి ‘మా బాట్నా మొబైల్ షాపు, కాబట్టి 80,000కు తగ్గను’ అని రాస్తే సగం మార్కులే. ఆ షాపువాడు రెండు నెలల తర్వాత వస్తాడు. 36 నెలల్లో అద్దె వచ్చేది 34 నెలలే, అంటే 27,20,000. దాన్ని 36తో భాగిస్తే నెలకు సుమారు 75,500. ఓనర్ నిజమైన గీత అది. పైగా దీన్నుంచి ఇంకో విషయం బయటపడుతుంది. టిఫిన్ సెంటర్‌కు పని చేయించుకోవడానికి రెండు నెలలు అద్దె లేకుండా ఇచ్చినా, మొబైల్ షాపుతో పోలిస్తే ఓనర్‌కు పోయేదేమీ లేదు. ఆ రెండు నెలలు ఎలాగూ ఖాళీయే. అవతలివాడికి మాత్రం అది లక్షన్నర పైచిలుకు. మీకు ఖర్చు లేనిదీ, అవతలివాడికి విలువైనదీ ఇలా కనిపిస్తే దాన్ని ఉచితంగా ఇచ్చేయకండి. కాగితం మీద గుర్తు పెట్టుకుని, దానికి బదులుగా ఏం అడగాలో పక్కనే రాసుకోండి.

టిఫిన్ సెంటర్ వైపు లెక్క ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది. సందులో 65,000 అద్దె, దానికి పోయే లాభం 25,000 కలిపితే 90,000. మెయిన్ రోడ్డు మల్గికి 90,000 దాటితే సందే నయం. అయితే ఈ అంకె ఐదేళ్ల గడువు దొరికితేనే నిజం. 12 లక్షల ఖర్చును 60 నెలలకు పంచితే నెలకు 20,000 పడుతుంది, 36 నెలలకే పంచితే 33,333. అంటే మూడేళ్లే ఇస్తే నెలకు 13,333 అదనపు భారం. అప్పుడు ఆఖరి గీత 90,000 నుంచి 76,700 దగ్గరికి పడిపోతుంది.

ఇప్పుడు రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడేళ్ల గడువైతే ఓనర్ 75,500కు తగ్గడు, అద్దెదారు 76,700 దాటడు. ఇద్దరి మధ్య ఉన్నది వెయ్యి రూపాయల చిల్లర చోటు. ఐదేళ్లయితే అదే చోటు పద్నాలుగు వేల పైన. గడువు సంగతి తేల్చకుండా అద్దె గురించి ఎంత వాదించినా ఎందుకు కదలదో ఇక్కడే తెలుస్తుంది. గదిలో ఏ ఒక్కరికీ రెండు గీతలూ కనిపించవు, నిజమే. కానీ గడువు మారితే తన గీత ఎంత జరుగుతుందో తనకు తెలిసిన విద్యార్థి, ముందు గడువు గురించే మాట్లాడతాడు.

మిగతా అంశాలకూ ఇలాగే నెలసరి అద్దెలో విలువ కట్టాలి. లెక్క తేలిగ్గా ఉండటానికి అన్ని బేరాల్లోనూ మూడేళ్లకు 15 శాతం పెంపు మామూలు అనుకుందాం. దానికి బదులు ఓనర్ ఏటా 5 శాతం అడిగితే? 85,000తో మొదలైన అద్దెకు ఐదేళ్లలో మొత్తం 54,06,000 బదులు సుమారు 56,36,000 అవుతుంది. తేడా 2,30,000, నెలకు 3,800 చొప్పున. ‘ఐదు శాతమే కదా’ అని తలూపే ముందు ఈ అంకె కళ్ల ముందుండాలి.

చట్టం: మూడు సెక్షన్లు చాలు

తయారీ కాగితంలో ఆస్తి బదిలీ చట్టం మొత్తం దించనక్కర్లేదు. ఈ బేరానికి నిజంగా పనికొచ్చేవి 106, 107, 108 సెక్షన్లు.

ఏడాది దాటిన లీజు రిజిస్టరు పత్రం ద్వారానే చెల్లుతుందని 107 చెబుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 కూడా అదే అంటుంది. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ‘స్టాంపు ఖర్చు ఎందుకండీ, పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకుని రెన్యూ చేసుకుందాం’ అని తెలివిగా ప్రతిపాదిస్తారు. ఓనర్ తరఫున అంటే అర్థం చేసుకోవచ్చు. టిఫిన్ సెంటర్ తరఫు విద్యార్థే అంటే క్లయింట్‌ను ముంచినట్టే. పదకొండు నెలల కాగితానికి రక్షణ పదకొండు నెలలే. పోనీ రిజిస్టరు చేయకుండా ఐదేళ్ల లీజు రాసుకున్నా, అది నెలవారీ అద్దెగానే నిలుస్తుందని సుప్రీంకోర్టు 2000లో ఆంథోనీ వర్సెస్ కె.సి. ఇట్టూప్ కేసులో చెప్పింది. నెలవారీ అద్దె అంటే 106 కింద 15 రోజుల నోటీసుతో ముగిసిపోయేది. 12 లక్షలు గోడలకు పెట్టినవాడికి 15 రోజుల భద్రత!

108 ఎందుకంటే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఏమవుతుందో అందులో ఉంటుంది. ఓనర్ అనుమతి లేకుండా అద్దెదారు శాశ్వత కట్టడం కట్టకూడదు, కాబట్టి పొగగొట్టానికి రాతపూర్వక అనుమతి అడగాల్సిందే. అలాగే, వేరే ఒప్పందం లేకపోతే అద్దెదారు తన హక్కును ఇంకొకరికి బదిలీ చేయొచ్చు, సబ్‌లీజు ఇవ్వొచ్చు. ఓనర్ తరఫు విద్యార్థికి ఇది గుర్తులేకపోతే, పైన కాపురముండే ఆ పెద్దాయన కింద రేపు ఎవరు దిగుతారో ఆయన చేతిలో ఉండదు.

గదిలో మొదటి పది నిమిషాలు

హాస్టల్లో ‘ఒరేయ్’ అనుకునే ఇద్దరు గదిలో ‘మీరు, మా క్లయింట్’ అనుకోవాలి. మొదట నవ్వొస్తుంది, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. కూర్చోగానే మాట్లాడాల్సిన అంశాల జాబితా ఇద్దరూ కలిసి వేసుకోండి. గడువు, పొగగొట్టం ముందు, అద్దె తర్వాత అని మీరే సూచించండి. ‘ముందు అద్దె తేల్చేద్దాం’ అని అవతలివాళ్లు పట్టుబడితే, ‘ఎన్నేళ్లో తెలియకుండా అద్దె ఎంతో మా క్లయింట్ చెప్పలేరండి’ అంటే చాలు. అది అబద్ధం కాదు, లెక్క పైన చూశాం.

తర్వాత ప్రశ్నలు. మంచి ప్రశ్న అవతలి డిమాండు వెనక ఉన్న అవసరాన్ని బయటికి లాగుతుంది. ఇలా నడవొచ్చు:

‘గడువు మూడేళ్లే అంటున్నారు. మూడేళ్ల తర్వాత మల్గితో ఏదైనా పని ఉందాండి?’

‘ఇంటివాళ్లకే అవసరం పడొచ్చండి. ఖాయమని చెప్పలేం.’

‘అవసరం పడకపోతే మాకే కొనసాగించడానికి అభ్యంతరం లేనట్టేనా?’

‘ఆ... అద్దె సరిగ్గా వస్తుంటే అభ్యంతరం ఎందుకుంటుంది?’

ఓనర్ తరఫు విద్యార్థి కొడుకు సంగతి, క్లినిక్ సంగతి చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. అవసరం ఖాయం కాదని మాత్రం చెప్పాడు, దాంతో ఒక తలుపు తెరుచుకుంది. కొందరు రహస్య కాగితం అంటే నోరు మెదపకూడదనుకుంటారు. ఏదీ బయటపెట్టని ఇద్దరు కలిస్తే ఆ గదిలో అద్దె అంకె తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. ఏది చెప్పొచ్చు, ఏది అడిగితేనే చెప్పాలి, ఏది అస్సలు చెప్పకూడదు అని ముందే మూడు రకాలుగా విడదీసుకోండి. ఆఖరి గీత మూడో రకం. పెళ్లి ఖర్చూ అంతే, అవసరంలో ఉన్నాడని తెలిస్తే అలుసైపోతాడు.

చెప్పకపోవడం వేరు, కల్పించడం వేరు. ‘ఇంకొకాయన లక్షా పది ఇస్తానంటున్నాడు’ అని కాగితంలో లేనిది పుట్టిస్తే చాలామంది పరీక్షకులు అక్కడికక్కడే మార్కులు కోస్తారు. నిజ జీవితంలోనూ, మోసంతో గానీ తప్పుడు మాటతో గానీ పొందిన సమ్మతిని రద్దు చేసుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 అవతలివాళ్లకు ఇస్తుంది. ఇబ్బందికరమైన ప్రశ్న వస్తే ‘ఆ విషయం చెప్పడానికి మా క్లయింట్ అనుమతి లేదండి’ అని ఆగండి.

అంకె ఎవరు ముందు చెప్పాలి

మార్కెట్ మీకు బాగా తెలిస్తే మీరే ముందు చెప్పండి, లేకపోతే ఆగండి. మన కేసులో ఓనర్ వైపు 1,05,000తో మొదలుపెట్టాడనుకుందాం. ఎదురు అంకె ఎక్కడ వేస్తారన్నది చాలా ముఖ్యం. మొదటి రెండు అంకెల నడుమ ఎక్కడో బేరం తెగడం మామూలు. అద్దెదారు వైపు 74,000 అంటే నడిమి అంకె 89,500, అంటే తన ఆఖరి గీత అంచు. 65,000 అంటే నడిమి అంకె 85,000. ఆ 65,000కు చేతిలో కారణం కూడా ఉంది: సందులో అదే విస్తీర్ణానికి అడుగుతున్నది అంతే. కారణం లేని తక్కువ అంకె అవమానంలా వినిపిస్తుంది, కారణంతో వస్తే సంభాషణ సాగుతుంది. ‘లక్షా ఐదా, ఎక్కడుందండీ ఆ రేటు’ అని వాళ్ల అంకె చుట్టూనే తిరగకండి. ఎంత ఎక్కువ మాట్లాడితే ఆ అంకె అంత పాతుకుపోతుంది.

తగ్గేటప్పుడు అడుగులు చిన్నవవుతూ రావాలి. 1,05,000 నుంచి 97,000, అక్కడి నుంచి 93,000, తర్వాత 91,000 అంటే ఇక తగ్గే చోటు అయిపోతోందని అవతలివాళ్లకు అర్థమవుతుంది. ప్రతిసారీ ఐదేసి వేలు తగ్గిస్తే ఇంకో ఐదు వేలు ఉన్నాయనే అనుకుంటారు. ఇంకో ముఖ్య విషయం, ఏదీ ఊరికే ఇవ్వొద్దు. ‘రెండు నెలలు అద్దె వదిలేస్తాం’ అనే బదులు ‘మీరు మూడేళ్లు ఖాళీ చేయకుండా ఉంటామని రాస్తే, రెండు నెలలు వదలగలం’ అనండి. పరీక్షకుడు వ్యూహం గడిలో చూసేది ఎక్కువగా ఈ ‘అయితే, గలం’ వాక్యాలనే.

రెండు పొట్లాలు

ఇక్కడే నాకు బాగా నచ్చే ఎత్తు ఒకటుంది. ఒక్కో అంశం విడివిడిగా లాగకుండా, మీకు దాదాపు ఒకే విలువున్న రెండు ప్రతిపాదనలు ఒకేసారి బల్ల మీద పెట్టడం. టిఫిన్ సెంటర్ వైపు ఇలా అనొచ్చు: ‘10 లక్షల అడ్వాన్సు, 80,000 అద్దె ఒక దారి. 6 లక్షల అడ్వాన్సు, 85,000 అద్దె ఇంకో దారి. మీకు ఏది అనుకూలం?’

లెక్క చూడండి. 4 లక్షల అడ్వాన్సు తేవడానికి అద్దెదారుకు 18 శాతం చొప్పున నెలకు 6,000 ఖర్చు. ఓనర్‌కు ఆ 4 లక్షల విలువ 12 శాతం చొప్పున 4,000. అడ్వాన్సు తగ్గించి అద్దె 5,000 పెంచితే ఇద్దరూ చెరో వెయ్యి మిగుల్చుకున్నట్టే. ఓనర్ వైపు రెండోది ఎంచుకుంటుంది. పెళ్లికి కావాల్సిన 6 లక్షలు ఎలాగూ వస్తున్నాయి. ఎవరూ ఎవరి రహస్యమూ అడగలేదు, ఎంపికే సమాధానం చెప్పింది. మొదటిది ఎంచుకుని ఉంటే, అవతల డబ్బు అవసరం మీ అంచనా కంటే గట్టిదని తెలిసేది.

గడువు ముడి కూడా ఇలాగే విప్పొచ్చు. లీజు ఐదేళ్లకు రిజిస్టరు చేస్తారు. మొదటి 36 నెలలు ఇద్దరూ కదలకూడదు. ఆ తర్వాత సొంత కుటుంబ అవసరం పడితే ఓనర్ ఆరు నెలల నోటీసు ఇచ్చి తీసుకోవచ్చు, కానీ ఐదేళ్లలో మిగిలిన ప్రతి నెలకూ 20,000 చొప్పున ఫిట్టింగుల ఖర్చు తిరిగివ్వాలి. 36వ నెల చివర్లో నోటీసు ఇస్తే 42వ నెలలో ఖాళీ. మిగిలిన 18 నెలలకు 3,60,000. కొడుకు వస్తే మల్గి దొరుకుతుంది, రాకపోతే ఓనర్‌కు పైసా ఖర్చు లేదు. టిఫిన్ సెంటర్‌కు పెట్టుబడి రక్షణ. జాగ్రత్తపడే విద్యార్థి ఇంకో వాక్యం కలుపుతాడు: ఖాళీ చేయించాక ఏడాదిలోపు బయటివాళ్లకు అద్దెకిస్తే ఆ మొత్తం రెట్టింపు. లేకపోతే ‘కుటుంబ అవసరం’ పేరుతో ఎక్కువ అద్దె ఇచ్చేవాడిని దింపుకోవడం తేలిక.

పొగ

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ నిజమైన టిఫిన్ సెంటర్ లీజులు చెడేది చాలాసార్లు పొగ దగ్గరే. పైన కాపురమున్న ఓనర్‌కు పోపు ఘాటు, తెల్లవారుజామున గ్రైండర్ చప్పుడు రోజూ పడాలి. ‘పొగగొట్టానికి అనుమతి ఇవ్వడమైనది’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. గొట్టం వెనక గోడ మీదుగా డాబా దాటి ఎంత ఎత్తుకు పోవాలి, ఎవరి ఖర్చు, ఎన్ని నెలలకోసారి జిడ్డు తీయించాలి, గ్రైండర్ ఎన్నింటి తర్వాత వేయాలి, వెళ్లిపోయేటప్పుడు గొట్టం తీసి గోడ పూడ్చాలా అన్నవి రాయండి. ట్రేడ్ లైసెన్సుకు, త్రీఫేజ్‌కు ఓనర్ సంతకాలు కావాల్సి వస్తే ఎన్ని రోజుల్లో పెట్టాలో కూడా. సంతకం ఆలస్యమైతే అద్దె లేని రెండు నెలలూ కాగితాలకే కరిగిపోతాయి.

ఫలితాన్ని ఎలా తూస్తారు

చివరి ఐదు నిమిషాలు రాతకే ఉంచుకోండి. ఒకరు చదువుతూ, ఇంకొకరు సరిచూసుకుంటూ ఒక పేజీ ఒప్పంద సారాంశం రాయాలి. ఇక్కడ జారిపోయే అంశం జీఎస్టీ. వర్తిస్తే అద్దె మీద 18 శాతం, 85,000కు 15,300. రెండు వేల కోసం పావుగంట పోట్లాడి, దీన్ని ఎవరు భరించాలో రాయని జంటలు చాలా. రిజిస్ట్రేషన్ ఖర్చు, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి, అద్దె ఏ తేదీ నుంచి మొదలన్నవీ అందులో ఉండాలి.

మన కేసులో తేలింది: 85,000 అద్దె, రెండు నెలలు మినహాయింపు, 6 లక్షల అడ్వాన్సు, మూడేళ్లకు 15 శాతం, కుటుంబ అవసరానికి ఓనర్ ముందే తీసుకోగలిగే షరతుతో ఐదేళ్లు. పరీక్షకుడి లెక్క ఇలా ఉంటుంది. మొదటి మూడేళ్లు చూస్తే ఓనర్‌కు రెండు నెలల మినహాయింపు పోను నెలకు సగటున 80,278, అతని గీత 75,500 మీద 4,700కు పైగా లాభం. పెంపు పక్కన పెడితే అద్దెదారుకు 60 నెలల్లో 58 నెలల అద్దె, సగటు 82,167. అతని గీత 90,000కు సుమారు 7,800 లోపల. అద్దెదారు వైపు కాస్త ఎక్కువ మార్కులు పడతాయి, ఓనర్ వైపూ తక్కువేం కాదు. అదే ఈ ఇద్దరూ మూడేళ్ల గడువుకు, రెండు నెలల మినహాయింపు లేకుండా, 80,000 దగ్గర చేతులు కలిపి ఉంటే, అద్దె తగ్గించానని సంబరపడే అద్దెదారు తరఫు విద్యార్థికి ఫలితంలో సున్నా పడేది. 76,700 గీత దాటేశాడు కాబట్టి. ఆ పరిస్థితిలో లేచి సందులోకి వెళ్లడమే క్లయింట్‌కు మేలు, ఒప్పందం లేకపోయినా మార్కులు నిలబడతాయి.

బేరం తర్వాత సొంత సమీక్షకు పది నిమిషాలు ఇచ్చే చోట, ‘బాగా జరిగింది, ఇద్దరం గెలిచాం’ అని రాయకండి. మీ తయారీ కాగితంలో అవతలివాళ్ల గురించి రాసుకున్న అంచనాలు తీసుకుని, ఏది తప్పిందో, ఏ మాటతో అది తప్పని తెలిసిందో, తెలిశాక ఏ అంకె మార్చారో రాయండి. ఉదాహరణకు, ‘ఓనర్ మూడేళ్లు అనడం అద్దె పెంచుకోవడానికే అనుకున్నాను. ఇంటి అవసరం అన్నాక 20,000 షరతు ప్రతిపాదించాను.’ ఈ రెండు వాక్యాలు మూడు గడుల్లోనూ మార్కులు తెస్తాయి.